ఒక స్టెప్‌కి ఒకే లైన్: గూగుల్ షీట్స్ హాజరు పట్టీ డెమో వీడియో స్క్రిప్ట్ ఎడిటింగ్

వీడియో విషయం చిన్నదే. ఒక కోచింగ్ సెంటర్‌లో 40 మంది విద్యార్థుల నెలవారీ హాజరును గూగుల్ షీట్స్‌లో ఎలా నమోదు చేయాలో అక్కడి ఆఫీసు సిబ్బందికి చూపించాలి. A నిలువు వరుసలో రోల్ నంబరు, B లో పేరు, C నుంచి AG వరకు 31 తేదీలు. ప్రతి సెల్‌లోనూ P లేదా A మాత్రమే ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెట్టాలి, AH లో ఎన్ని రోజులు వచ్చారో లెక్క రావాలి. స్క్రీన్ రికార్డింగ్ అయిపోయింది, వాయిస్ ఓవర్ కూడా జోడించారు. వీడియో 3 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. చూసిన సిబ్బందిలో చాలామంది మధ్యలో మూడు నాలుగు సార్లు ఆపి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అందరూ దాదాపు ఒకే చోట ఆపారు: కుడివైపు ప్యానెల్ తెరుచుకున్నాక.

ఆ చోట స్క్రిప్ట్ ఇలా ఉంది:

"ఇప్పుడు మనం ప్రతి విద్యార్థి హాజరును సులభంగా నమోదు చేయడానికి వీలుగా డ్రాప్‌డౌన్ అనే సదుపాయాన్ని ఉపయోగించుకోబోతున్నాం, దీని కోసం ముందుగా మనం కావలసిన గడులన్నింటినీ ఎంచుకుని, పైన ఉన్న డేటా మెనూలోకి వెళ్లి, అక్కడ కనిపించే డేటా వాలిడేషన్ అనే ఆప్షన్‌ను క్లిక్ చేసినట్లయితే, కుడివైపున ఒక ప్యానెల్ ఓపెన్ అవుతుంది, అందులో యాడ్ రూల్ అనే బటన్‌ను నొక్కాలి."

కాగితం మీద చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. వ్యాకరణం బాగానే ఉంది, విషయమూ సరైనదే. ఇబ్బంది ఎక్కడుందో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ వాక్యం చదవడానికి 25 సెకన్లు పడుతుంది. స్క్రీన్ మీద ఇదే పని 9 సెకన్లలో అయిపోయింది. మిగతా 16 సెకన్లు నింపడానికి వీడియో ఎడిటర్ ప్యానెల్ తెరుచుకున్న ఫ్రేమును అలాగే నిలిపి ఉంచారు. అంటే గొంతు ఇంకా "పైన ఉన్న డేటా మెనూలోకి" అంటుంటే, కళ్ల ముందు డేటా మెనూ తెరుచుకోవడం, మూసుకోవడం కూడా అయిపోయి ప్యానెల్ కనిపిస్తోంది. చూసేవాళ్లు విన్న మాటను ప్యానెల్‌లో వెతుకుతున్నారు. అది అక్కడ లేదు. అందుకే వెనక్కి వెళ్లారు.

స్క్రిప్టు మార్చేటప్పుడు ముందు ఆ వాక్యాలను ముక్కలు చేయాలని చెయ్యి లాగుతుంది. అలా చేస్తే పాత వాక్యాల కొలతే కొత్త లైన్లలోకి వచ్చేస్తుంది, "దీని కోసం ముందుగా" లాంటివి కూడా ఒక లైనుగా మిగిలిపోతాయి. ఇక్కడ వరుస తిరగేశారు. వాయిస్ ఓవర్ మ్యూట్ చేసి, పాత స్క్రిప్టు పక్కన పెట్టేసి, వీడియోను అడుగడుగునా ఆపుతూ స్క్రీన్ మీద జరిగేది మాత్రమే ఒక నిలువు వరుసలో రాశారు. గొంతు వరుస చివరివరకూ ఖాళీ. ఎన్ని లైన్లు కావాలన్నది స్క్రీనే చెప్పాలి.

ఏది ఒక స్టెప్ అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఈ పనిలో పాటించిన నియమం ఇది: చూసేవాళ్లు చేయాల్సిన ఒక పని వల్ల స్క్రీన్ మీద ఒక మార్పు కనిపిస్తే అది ఒక స్టెప్. మౌస్ అటు నుంచి ఇటు కదలడం స్టెప్ కాదు, ఏమీ మారదు కాబట్టి. మెనూ తెరవడం ఒక స్టెప్, అందులో ఒక దాన్ని నొక్కడం మరో స్టెప్, ఎందుకంటే రెండుసార్లూ స్క్రీన్ మారుతుంది. పెట్టెలో ఏదో టైప్ చేసి ఎంటర్ నొక్కడం మాత్రం ఒకటే. ఎంటర్ నొక్కేదాకా ఫలితం రాదు, టైప్ చేశాక మధ్యలో ఆగే అవసరం ఎవరికీ ఉండదు. పేజీ లోడ్ అవుతున్న సమయానికి లైన్ ఉండదు, దాన్ని కత్తిరించేయాలి. ఫలితం కనిపించే చోట చేసే పనేమీ లేకపోయినా ఒక లైన్ ఉండాలి. తనకూ అలాగే వచ్చిందో లేదో పోల్చుకోవడానికి చూసేవాళ్లకు అక్కడ ఒక ఆసరా కావాలి.

ఇలా లెక్కిస్తే ఈ వీడియోలో 20 స్టెప్పులు తేలాయి. పాత స్క్రిప్టులో ఉన్నవి 11 వాక్యాలు. ఒక్కో వాక్యం నాలుగు స్టెప్పుల వరకు మోస్తోంది, మూడు వాక్యాలు ఏ స్టెప్పునూ మోయడం లేదు.

లైన్ ఎంత పొడవుండాలి? ఇంగ్లీషు స్క్రిప్టులకు నిమిషానికి ఇన్ని పదాలు అని లెక్క వేస్తారు. తెలుగులో పదాల లెక్క పనికిరాదు. "నొక్కి" ఒక పదమే, "ఉపయోగించుకోబోతున్నాం" కూడా ఒక పదమే. రెండో దానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. కాబట్టి అక్షరాలు లెక్కపెట్టాలి. ఒత్తు ఉన్నా, సున్నా ఉన్నా అక్షరం ఒకటే. పొల్లు హల్లు లెక్కలోకి రాదు. "బటన్" రెండు అక్షరాలు, "నొక్కండి" మూడు. ఆ తర్వాత గొంతు ఇచ్చేవాళ్లతో ఏదైనా వంద అక్షరాల పేరా చదివించి సమయం చూడాలి. ఈ వీడియోకి గొంతు ఇచ్చినవారు సూచనలు చదివే తీరులో సెకనుకు సుమారు ఐదున్నర అక్షరాలు చదివారు. పై పాత వాక్యంలో 136 అక్షరాలు ఉన్నాయి, 25 సెకన్లు అలా వచ్చినవే. ఎవరి వేగం వాళ్లది, కాబట్టి ఈ ఐదున్నరను అందరికీ వర్తించే అంకెగా తీసుకోకూడదు.

హద్దుగా 18 అక్షరాలు పెట్టుకున్నారు. అంటే మూడు సెకన్ల పైచిలుకు. ఒక క్లిక్కుకు, దాని ముందు మౌస్ కదలికకు కలిపి సుఖంగా పట్టే సమయం అంతే. అంతకంటే పొడవైన లైన్ వస్తే క్లిక్ అయిపోయాక కూడా గొంతు నడుస్తూ ఉంటుంది, మళ్లీ ఫ్రేము నిలపాల్సి వస్తుంది. 18 దాటిన ప్రతి లైన్‌లోనూ రెండు స్టెప్పులో, ఒక స్టెప్పు దాంతోపాటు ఒక కారణమో కలిసిపోయి ఉంటాయి. అది ఏదో చూసి విడదీయాలి. అంతేకానీ పదాలు తగ్గించి లోపల ఇరికించకూడదు.

డ్రాప్‌డౌన్ భాగం మొత్తం ఎడిట్ అయ్యాక ఇలా వచ్చింది. ఎడమవైపు స్క్రీన్ మీద జరిగేది, కుడివైపు గొంతు.

1. నేమ్ బాక్స్‌లో క్లిక్: "ఎడమ పై మూలలో నేమ్ బాక్స్ నొక్కండి."
2. `C2:AG41` టైప్, Enter: "స్క్రీన్ మీద ఉన్న రేంజ్ టైప్ చేసి ఎంటర్ నొక్కండి."
3. Data మెనూ: "పైన డేటా మెనూ తెరవండి."
4. Data validation: "అందులో డేటా వాలిడేషన్ నొక్కండి."
5. Add rule: "కుడివైపు ప్యానెల్‌లో యాడ్ రూల్ నొక్కండి."
6. మొదటి పెట్టెలో `P`: "మొదటి పెట్టెలో ప్రెజెంట్ గుర్తు టైప్ చేయండి."
7. రెండో పెట్టెలో `A`: "రెండో పెట్టెలో ఆబ్సెంట్ గుర్తు టైప్ చేయండి."
8. రంగు బటన్: "దానికి ఎడమ పక్కన గుండ్రటి బటన్ నొక్కండి."
9. ఎరుపు: "రంగుల్లో ఎరుపు ఎంచుకోండి."
10. Done: "కింద డన్ నొక్కండి."
11. ఫలితం: "ప్రతి సెల్‌లోనూ చిన్న బాణం వచ్చింది."

ఇందులో ఎనిమిదోది అన్నిటికంటే పొడవు, 17 అక్షరాలు. పదోది ఆరు అక్షరాలే. పొడవులు సమానంగా ఉండాల్సిన పని లేదు. చిన్న లైన్ తర్వాత మౌనం వస్తుంది, ఆ మౌనంలో చూసేవాళ్లు తమ పని చేసుకుంటారు. పొట్టి లైన్‌ను సాగదీసి "ఇప్పుడు మనం కింద ఉన్న డన్ అనే బటన్ మీద" అని రాయాలన్న ఒత్తిడి చాలామందికి వస్తుంది. డెమో వీడియోలో మౌనం కూడా సూచనలో భాగమే, దాన్ని నింపకుండా వదిలేయాలి.

ప్రతి లైన్‌లో వరుసక్రమం గమనించండి. ముందు చోటు, తర్వాత పేరు, చివర క్రియ. "పైన, డేటా మెనూ, తెరవండి." తెలుగు వాక్యంలో క్రియ సహజంగా చివరే వస్తుంది, అది ఇక్కడ చాలా కలిసొచ్చే విషయం. "పైన" వినగానే కన్ను పైకి వెళ్తుంది, "డేటా మెనూ" వినేటప్పటికి దాన్ని పట్టుకుంటుంది, "తెరవండి" అనేసరికి క్లిక్ పడాలి. కాబట్టి ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద లైన్ మొదలును క్లిక్కుతో కలపకూడదు, క్రియ మొదలయ్యే చోటును క్లిక్కుతో కలపాలి. పాత వీడియోలో క్లిక్ శబ్దం దగ్గర వాక్యం మొదలయ్యేది. పేరు వినపడేటప్పటికే మెనూ తెరుచుకుని ఉండేది, ఎక్కడ నొక్కారో ఎవరికీ కనిపించలేదు. చోటు చెప్పే మాటను చివరికి నెట్టి "డేటా మెనూ తెరవండి, పైన ఉంటుంది" అని రాసినా ఇదే నష్టం.

ఈ భాగంలో పని చెప్పే క్రియలు నాలుగే వాడారు: బటన్‌కు "నొక్కండి", మెనూకు "తెరవండి", జాబితాలో ఒకదాన్ని తీసుకోవడానికి "ఎంచుకోండి", అక్షరాలకు "టైప్ చేయండి". పాత స్క్రిప్టులో ఒకే క్లిక్కును క్లిక్ చేసినట్లయితే, నొక్కాలి, వెళ్లి, సెలెక్ట్ చేసుకోవాలి అని రకరకాలుగా చెప్పారు. వ్యాసంలో ఇలా మార్చి రాయడం అందం కావచ్చు. డెమోలో మాత్రం మాట మారితే పని కూడా మారిందేమో అని చూసేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. "చేద్దాం", "చేయాలి", "చేస్తున్నాను" అని కలిపి వాడటమూ ఇలాంటిదే. సిబ్బందికి చెప్పే వీడియోలో "నొక్కండి" చాలు, మర్యాదా ఉంటుంది, పొట్టిగానూ ఉంటుంది.

ఏడో లైన్ దగ్గర ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. మొదటి ప్రతిలో ఇది "రెండో పెట్టెలో ఏ టైప్ చేయండి" అని ఉండేది. రాతలో సరిగ్గానే ఉంది. చెవికి మాత్రం "ఏ టైప్" అంటే ఏ రకం అని వినపడుతుంది, వాక్యం ప్రశ్నలా తోస్తుంది. "ఏ అక్షరం టైప్ చేయండి" అని మార్చినా అదే గొడవ. అందుకే అక్షరం పేరు పలకడం మానేసి "ఆబ్సెంట్ గుర్తు" అన్నారు, అక్షరాన్ని స్క్రీన్ మీద పెద్దగా చూపించారు. ఆరో లైన్ కూడా దానికి జతగా మార్చారు, రెండు పక్కపక్క లైన్లు రెండు తీరుల్లో ఉంటే బాగుండదు. తెలుగులో డెమో స్క్రిప్టు రాసేవాళ్లు A, E, O లాంటి ఇంగ్లీషు అక్షరాలు పలకాల్సిన ప్రతి లైన్‌నూ పైకి చదివి వినాలి. "ఈ నొక్కండి" అన్నా "E" అనుకోవాలో, దీన్ని అనుకోవాలో తెలియదు.

మరో మాట, గొంతు ఇచ్చేవాళ్ల కాపీలో అంతా తెలుగు లిపిలోనే ఉండాలి. Data validation అని ఇంగ్లీషులో వదిలేస్తే చదివేవాళ్లు ఆ మాట దగ్గర లిపి మారడం వల్ల సగం సెకను తడబడతారు, యాస కూడా మారుతుంది. స్క్రీన్ వరుసలో మాత్రం పేర్లను స్క్రీన్ మీద ఉన్నట్టే ఉంచాలి, వీడియో ఎడిటర్‌కు అవే కావాలి.

మొదటి రెండు స్టెప్పుల వెనుక ఇంకో మార్పు ఉంది. అది మాటల్లో మార్పు కాదు, పనిలో మార్పు. పాత రికార్డింగ్‌లో C2 నుంచి AG41 వరకు మౌస్‌తో లాగి ఎంచుకున్నారు. 31 నిలువు వరుసలు స్క్రీన్‌లో పట్టవు కాబట్టి లాగుతున్నకొద్దీ షీటు పక్కకు పరుగెత్తింది, ఎక్కడ ఆపాలో దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చారు. దీనికి ఒక్క పొట్టి లైన్ రాయాలని చూస్తే కుదరలేదు. "C2 దగ్గర మొదలుపెట్టి, నొక్కి పట్టుకుని, AG వచ్చేదాకా లాగి, కింద 41 దగ్గర వదలండి" అని నాలుగు ముక్కలయ్యింది. లైన్ కుదరకపోతే చాలాసార్లు తప్పు లైన్‌ది కాదు, స్క్రీన్ మీద చేసిన పనే చిక్కుగా ఉంటుంది. ఫార్ములా బార్‌కు ఎడమవైపు ఉండే నేమ్ బాక్స్‌లో రేంజ్ టైప్ చేసి ఎంటర్ కొడితే మొత్తం ఒకేసారి ఎంపికవుతుంది. ఆ భాగాన్ని అలా మళ్లీ రికార్డ్ చేశారు. స్క్రిప్ట్ ఎడిటింగ్ అనుకున్న పని రీ-రికార్డింగ్ దాకా వెళ్లడం నిర్మాతకు ఇష్టం ఉండదు, కానీ ఇలాంటి చోట వేరే దారి లేదు.

రెండో లైన్‌లో రేంజ్‌ను పలకలేదు. "సీ టూ కోలన్ ఏజీ ఫార్టీవన్" అని వింటూ ఎవరూ టైప్ చేయలేరు, చూసే టైప్ చేస్తారు. పలికే బదులు `C2:AG41` ను పెద్ద అక్షరాలతో నాలుగు సెకన్లకు పైగా స్క్రీన్ మీద ఉంచారు. దీనికో పరిమితి ఉంది, అది గుర్తుంచుకోవాలి: చూపు లేనివాళ్లకు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు "స్క్రీన్ మీద ఉన్న రేంజ్" అన్న లైన్ ఏమీ చెప్పదు. వీడియో కింది వివరణలో రేంజ్‌నూ ఫార్ములానూ అక్షరాలుగా రాసి పెట్టడం అందుకే తప్పనిసరి చేశారు. అక్కడి నుంచి కాపీ చేసుకోవడం మిగతావాళ్లకూ సులువే.

కారణాల సంగతికి వద్దాం. పాత స్క్రిప్టులో ప్రతి రెండు మూడు స్టెప్పులకూ "ఇలా ఎందుకు చేస్తున్నామంటే" అని ఉంది. కారణం చెప్పడం మంచిదే, కానీ కదులుతున్న స్క్రీన్ మీద కాదు. చెయ్యి క్లిక్ చేస్తుంటే చెవి కారణం వినదు. కాబట్టి ఈ భాగానికి ఒకే ఒక కారణ లైన్ ఉంచి, దాన్ని మొదటి క్లిక్కుకు ముందు, కదలని స్క్రీన్ మీద పెట్టారు: "ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే లెక్క తప్పుతుంది." వెనుక స్క్రీన్ మీద ఒక నిలువు వరుసలో P, Present, yes అని కలగాపులగంగా ఉన్న షీటు. ఆ బొమ్మే మిగతాది చెబుతుంది.

ఆ కారణ లైన్ పొట్టిగా రాసేటప్పుడు పాత స్క్రిప్టులోని ఒక తప్పు కూడా బయటపడింది. అందులో "చిన్న p రాస్తే COUNTIF దాన్ని లెక్కించదు కాబట్టి డ్రాప్‌డౌన్ కావాలి" అని ఉంది. అది నిజం కాదు. గూగుల్ షీట్స్‌లో COUNTIF చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా చూడదు, p నూ P నూ ఒకటిగానే లెక్కిస్తుంది. లెక్క తప్పేది Present అని పూర్తిగా రాసినప్పుడో, P తర్వాత కంటికి కనిపించని ఖాళీ పడినప్పుడో. పొడుగు వాక్యంలో ఇలాంటి తప్పు మధ్యలో ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఒక్కో మాటకూ స్క్రీన్ మీద ఆధారం చూపించాల్సి వస్తే దాక్కోలేదు.

తర్వాతి రెండు స్టెప్పులు డ్రాప్‌డౌన్‌ను వాడి చూపించడానికి: C2 లో బాణం నొక్కడం, P ఎంచుకోవడం. వాటిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫార్ములా భాగంలోనే మళ్లీ కష్టం వచ్చింది.

```
=COUNTIF(C2:AG2,"P")
```

పాత స్క్రిప్టులో దీన్ని అక్షరం అక్షరం చదివారు: ఈక్వల్ టు, కౌంట్ ఇఫ్, ఓపెన్ బ్రాకెట్, సీ టూ, కోలన్... కోట్స్‌లో పీ, క్లోజ్ బ్రాకెట్. చదవడం టైపింగ్ కంటే నెమ్మదిగా సాగింది. పైగా కోట్స్ ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూయాలో విన్నవాళ్లకు అర్థం కాలేదు. ఫార్ములాలో 20 అక్షరాలు, గుర్తులు ఉన్నాయి. మామూలు వేగంతో టైప్ చేస్తే ఐదారు సెకన్లు పడుతుంది. కొత్త స్క్రిప్టులో ఈ భాగం ఇలా నడుస్తుంది. పద్నాలుగో స్టెప్పులో నేమ్ బాక్స్‌లో `AH2` టైప్ చేసి ఎంటర్: "నేమ్ బాక్స్‌తోనే ఏహెచ్ టూకి వెళ్లండి." పదిహేనులో టైపింగ్: "కనిపిస్తున్న ఫార్ములా టైప్ చేయండి." ఆ లైన్ రెండున్నర సెకన్లలో అయిపోతుంది, మిగతా టైపింగ్ మౌనంగా సాగుతుంది. టైపింగ్ పూర్తయ్యాక ఫార్ములా మూడు సెకన్లు కదలకుండా ఉంటుంది. అక్కడ పోల్చుకోవడానికి ఆగాలి కాబట్టి ఇక్కడ మాత్రం ఎంటర్ విడి స్టెప్. అప్పుడు పదహారు: "ఎంటర్ నొక్కండి." పదిహేడులో అంకె వస్తుంది: "హాజరైన రోజులు లెక్కకు వచ్చాయి."

రికార్డింగ్‌లో ఇక్కడ రెండు అడ్డంకులు ఉంటాయి. `=COUNTIF(` టైప్ చేయగానే ఫార్ములా కింద సహాయం చూపే పెట్టె తెరుచుకుని కింది వరుసల మీద పరుచుకుంటుంది. దాని మూలన ఉన్న × నొక్కి రికార్డింగ్‌కు ముందే మూసేయాలి. లేకపోతే స్క్రీన్ మీద కొత్తగా ఏదో వచ్చింది, దానికి లైన్ లేదు, చూసేవాళ్లు దాన్ని చదవడం మొదలుపెడతారు. ఎంటర్ నొక్కాక ఒక్కోసారి కింది సెల్స్‌ను తనే నింపుతానని ఆటోఫిల్ సూచన కూడా వస్తుంది. దాన్ని ఒప్పుకుంటే మిగతా స్టెప్పులు అక్కర్లేదు కదా అనిపిస్తుంది. కానీ అది ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఒకే వీడియో పనికిరావాలంటే దాన్ని కొట్టేసి, పని చేయించే దారి ఒక్కటే చూపించాలి. ఇక్కడ స్టెప్ 18 లో నేమ్ బాక్స్‌లో `AH2:AH41`, స్టెప్ 19 లో Ctrl+D. కింద మూల పట్టుకుని లాగడం అందరికీ తెలిసిన పద్ధతే అయినా, నేమ్ బాక్స్‌ను ఇప్పటికే రెండుసార్లు వాడారు కాబట్టి మూడోసారి కొత్తగా చెప్పాల్సింది ఏమీ ఉండదు. లైన్ పొట్టిగా రావడానికి అదే కారణం: "మళ్లీ నేమ్ బాక్స్‌లో ఈ రేంజ్ ఇవ్వండి", ఆ తర్వాత "కంట్రోల్ పట్టుకుని డి నొక్కండి." మ్యాక్ వాడేవాళ్ల కోసం ⌘+D అని స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో పెట్టారు, దానికి వేరే లైన్ పెట్టలేదు. ఇరవయ్యో స్టెప్ ఫలితం: "అందరి లెక్కా వచ్చింది."

గొంతు రికార్డింగ్ మొత్తం ఒకే ఫైలుగా తీసుకోలేదు. ఒక్కో లైన్ ఒక్కో ఫైలు, `00.wav` కారణ లైన్‌కు, `01.wav` నుంచి `20.wav` వరకు స్టెప్పులకు. గొంతు ఇచ్చేవాళ్లు లైన్‌కు లైన్‌కు మధ్య రెండు సెకన్లు ఆగి చదివితే ముక్కలు చేయడం తేలిక. ఆపకుండా చదివితే ఒక లైన్ చివరి స్వరం తర్వాతి లైన్‌లోకి పాకుతుంది, కత్తిరిస్తే మాట తెగినట్టు వినపడుతుంది. టైమ్‌లైన్ మీద లైన్ ముగిశాక ఫలితం కనీసం ఒక సెకను కనిపించాకే తర్వాతి లైన్ మొదలవ్వాలి. ఈ కొలతలతో 20 లైన్ల మాట దాదాపు 40 సెకన్లు, వీడియో మొత్తం ఒక నిమిషం 35 సెకన్లు వచ్చింది.

లైన్లు ఇలా విడిగా ఉంటే సబ్‌టైటిల్ ఫైలుకు వేరే పని ఉండదు. ఒక లైన్ ఒక క్యూ, అంటే ఒకేసారి తెర మీద పడే సబ్‌టైటిల్ ముక్క; రెండుగా విరగదు, స్క్రీన్ మీద ఒకే వరుసలో పడుతుంది. కారణ లైన్ మొదటిది కాబట్టి ఆరో స్టెప్ ఏడో క్యూ అవుతుంది:

```
7
00:00:26,400 --> 00:00:28,900
మొదటి పెట్టెలో ప్రెజెంట్ గుర్తు టైప్ చేయండి.

8
00:00:30,500 --> 00:00:32,900
రెండో పెట్టెలో ఆబ్సెంట్ గుర్తు టైప్ చేయండి.
```

రెండు క్యూల మధ్య ఒకటిన్నర సెకను ఖాళీ చూడండి. ఆ ఖాళీ ఎక్కడైనా సెకను లోపుకు పడిపోతే అక్కడ చూసేవాళ్లు వెనకబడతారని వీడియో ఆడించకుండానే చెప్పొచ్చు. క్యూ నిడివి మూడున్నర సెకన్లు దాటినా అనుమానించాలి, 18 అక్షరాల హద్దు ఎక్కడో తప్పింది. ఫైలు మీద ఈ రెండు చూపులు వేస్తే సగం లోపాలు దొరుకుతాయి.

మిగతా సగానికి మనుషులు కావాలి. పరీక్ష రెండు విధాలుగా చేశారు. ముందు శబ్దం లేకుండా ఆడించి, ప్రతి స్టెప్పులోనూ ఏం నొక్కారో కనిపిస్తోందా అని చూశారు. తర్వాత షీట్స్ కొంచెం తెలిసిన ఒకరి ముందు AH దాకా నిలువు వరుసలు ఉన్న ఖాళీ షీటు పెట్టి, వీడియో ఆపకుండా వెంట చేయమన్నారు. ఎక్కడ మౌస్ తచ్చాడుతుందో అక్కడ లైన్ బలహీనంగా ఉన్నట్టు. ఎనిమిదో స్టెప్ ఇలాగే దొరికింది. అప్పటికి ఆ లైన్ "దాని పక్కన గుండ్రటి బటన్ నొక్కండి" అని ఉంది. పెట్టెకు కుడి పక్కన తీసివేసే గుర్తు ఉంటుంది, చెయ్యి ముందు అటే వెళ్లింది. నొక్కి ఉంటే A పోయేది. "ఎడమ" అన్న మూడు అక్షరాలు చేర్చడంతో ఆ ఇబ్బంది తీరింది. లైన్ పొట్టిగా ఉండాలి అంటే చోటు చెప్పే మాటను తీసేయమని కాదు. కోత వేయాల్సినవి "ఇప్పుడు మనం", "అనే ఆప్షన్", "కనిపించే", "చేసినట్లయితే" లాంటివి. వాటిని తీసేస్తే చోటుకు సరిపడా స్థలం ఎప్పుడూ మిగులుతుంది.

ఫోన్‌లో చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి బ్రౌజర్ జూమ్ 125 శాతానికి పెంచి 1920×1080 లో రికార్డ్ చేశారు. నేమ్ బాక్స్ చిన్నది, ఆ స్టెప్పుల్లో మాత్రం ఎడిటింగ్‌లో దగ్గరికి జూమ్ చేశారు. జూమ్ మొదలయ్యేది లైన్‌లో చోటు చెప్పే మాట దగ్గర, క్లిక్ దగ్గర కాదు.

ఈ పద్ధతి అన్నిటికీ కుదరదు. డ్రాప్‌డౌన్ వాడాలా, చెక్‌బాక్స్ వాడాలా అని పోల్చి చెప్పే వీడియోలో స్క్రీన్ చాలాసేపు కదలదు, మాటే ముఖ్యం, అక్కడ స్టెప్‌కి లైన్ అన్న లెక్కే పుట్టదు. అలాంటి భాగం ఉంటే దాన్ని వేరే వీడియోగా తీయడం మేలు. ఒకే వీడియోలో కలిపితే వినే వేగం, చేసే వేగం ఒకదాన్నొకటి చెడగొడతాయి.

సంరక్షణ విషయానికి వస్తే, ఇంటర్నెట్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో బటన్ పేర్లు చెప్పాపెట్టకుండా మారతాయి. Add rule అన్న పేరు రేపు ఇంకోలా మారితే ఐదో స్టెప్ స్క్రీన్ ముక్క, `05.wav`, ఆరో క్యూ, ఈ మూడే మార్చాలి. కొత్త పేరుతో లైన్ రాసి అక్షరాలు లెక్కపెట్టి, అదే గొంతుతో, వీలైతే అదే మైకుతో, అదే గదిలో చదివించాలి. గది మారితే ఆ ఒక్క లైన్ వేరే వీడియోలోంచి వచ్చినట్టు వినపడుతుంది. అందుకే రికార్డింగ్ రోజునే మాటల్లేని గది శబ్దం అర నిమిషం తీసి `room.wav` పేరుతో అదే ఫోల్డరులో ఉంచారు. తర్వాత చేర్చే లైన్ల కింద దాన్ని సన్నగా పరిస్తే అతుకు వినపడదు.